జమాబంది రోజే వాయిదా

అమీనా వచ్చినప్పుడు పాప్పమ్మాళ్ షిఫ్టు ముగించుకుని అప్పుడే ఇల్లు చేరింది. తల మీద దూది నూగు కూడా దులుపుకోలేదు. అమీనా అంటే కోర్టు కాగితాలు మోసుకొచ్చే బంట్రోతు. తుడియలూరు ఊరి పక్కన అర ఎకరం మెట్ట నేలలో పాప్పమ్మాళ్ గుడిసె ఉంది. భర్త పోయాక అత్త పళనియమ్మాళ్‌తో అక్కడే ఉంటూ మిల్లులో రీలింగు పనికి పోతోంది.

"తాకీదు. వేలు పెట్టు," అన్నాడు అమీనా.

"ఏమి తాకీదు సామీ?"

"పక్క తోట వరదరాజన్ దావా వేసిండాడు. ఈ నేల వాళ్ళ తాతదంట. మీ మామని కాపలాకి ఉంచితే మీరు వదలకుండా కూర్చున్నారంట. జూన్ పన్నెండు వాయిదా. కోర్టుకి రావాల."

పాప్పమ్మాళ్ వేలిముద్ర వేసింది. అమీనా సైకిలెక్కి పోయాడు. వాకిట్లో కూర్చున్న పళనియమ్మాళ్‌కి చూపు మందం గానీ చెవులు బాగా పనిచేస్తాయి.

"పన్నెండు అనెనా? ఆ పొద్దు తాలూకాఫీసులో జమాబంది గదే! మొన్న ఊళ్ళో తమ్మట కొట్టి చెప్పలేదా?"

జమాబంది అంటే ఏటా ఒకసారి పెద్ద అధికారి వచ్చి, ఊరూరి శిస్తు లెక్కలూ పట్టాలూ ముందేసుకుని కూర్చునే రోజులు. మామూలు రోజుల్లో ఆఫీసు మెట్ల దగ్గరే అదిలించి పంపేసే జనం కూడా ఆ రోజు ఆయన చేతికే మనువు, అంటే అర్జీ, ఇవ్వొచ్చు. పళనియమ్మాళ్ మొగుడు ఈ నేలకి పట్టా తెచ్చుకున్నది అలాంటి రోజునే. ఆ వాడలో ఎవరికి ఏ నేల తగాదా వచ్చినా జమాబంది కోసమే కాచుకునేవారు.

"అయితే కోర్టుకి ఎవరు పోతారు అత్తా? మిల్లులో లీవు ఒక్క నాడే ఇచ్చేది."

"కోర్టైతే ఏమి, జమాబందైతే ఏమి? రెండూ సర్కారే గదా. పెద్ద దొర చేతికి మనువు ఇస్తే చిన్న దొరకి ఆయనే చెప్తాడు. పట్టా మన పేర ఉండాది. ఏమి భయం?"

పాప్పమ్మాళ్‌కి ఆ మాట సరిగానే తోచింది. మిల్లులో అంతే. మేనేజరు చెప్పాక మేస్త్రీ ఎదురు చెప్పడు.

పన్నెండో తేదీ పొద్దున్నే వెళ్ళి తాలూకాఫీసు వరుసలో నిలబడింది. రోడ్డుకి అవతల మున్సిఫ్ కోర్టు. పదకొండు దాటాక అక్కడి డవాలీ, ఛాతీ మీద అడ్డపట్టీ వేసుకున్నవాడు, వాకిట్లోకి వచ్చి ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. అతను లోపలికి పోయాడు. ఆ వేళకి పాప్పమ్మాళ్ ముందు ఇంకా ఇరవై మంది ఉన్నారు.

మధ్యాహ్నం దాటాక అధికారి ఆమె మనువు తీసుకుని, తాకీదు చూసి, ఏదో రాసి, సీలు వేయించి, కాపీ చేతికిచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని నడుముకి చెక్కుకుంది. ఇంటికొచ్చి, "ముగిసె అత్తా, సీలు పడె," అని చెప్పింది. ఇద్దరూ ఆ రోజు కడుపునిండా తిన్నారు.

ఆగస్టు ఆఖర్లో అమీనా మళ్ళీ వచ్చాడు. ఈసారి గుడిసె ఖాళీ చెయ్యమనే కాగితంతో.

కోర్టు ఎదుట వేపచెట్టు కింద పెట్టె పెట్టుకుని అర్జీలు రాసే అళగర్‌సామి దగ్గరికి ఆమె పరుగెత్తింది. ముసలాయన కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చి కాగితం చదివాడు.

"నీవు ఆజర్ కాలేదు. అంటే పిలిస్తే నిలబడలేదు. వారం తిరక్కుండా వాళ్ళ మాట మటుకే విని తీర్పు ఇచ్చిండారు."

"నేను జమాబందికి పోయింటిని సామీ!"

"అయ్యో పిచ్చిదానా! జమాబందిలో శిస్తు ఎవరు కట్టాలనేదే చూస్తారు. నేల ఎవరిదని తేల్చేది కోర్టు. పట్టా ఉంటే శిస్తు కట్టిండావని సాక్ష్యం, అంతే. నేల నీదేనని అది ఒక్కటే చెప్పదు."

"రెండూ సర్కారే గదా?"

"సర్కారు అనే మాట ఒకటే తల్లీ. వాకిళ్ళు వేరు. దావా అంటే ఈ వాకిట్లో వేసిన వాదం. వాయిదా అంటే దానికి నాడు కుదర్చడం. అదంతా తురకల కాలం నాటి మాట. తెల్లదొరలు పోయినా ఆ మాటలు పోలేదు."

"ఈ మున్సిఫ్ అనేది?"

"న్యాయం చేసేవాడు అని అర్థం." ఆయన దగ్గి నవ్వాడు. "పేరుకి."

తీర్పు కొట్టేయించుకోవడానికి ముప్పై రోజులే గడువు. అది దాటిపోయింది. ఆలస్యానికి కారణం చెబుతూ మరో మనువు వెయ్యాలి. అళగర్‌సామి ఆమెను చెన్నకేశవన్ అనే వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. వకీలు ఒక పచ్చ కాగితం ముందుకు తోశాడు.

"ఇది వకాలత్తు," అన్నాడు అళగర్‌సామి. "నీ బదులు ఈయన మాట్లాడొచ్చు అని నీవు ఇచ్చే అధికారం. వేలు పెట్టు."

పెట్టింది. కింద ఇంకో కాగితం. అక్కడా పెట్టింది.

"ఇది ఏమి?"

"ప్రమాణ పత్రం. వాయిదా పొద్దు నుంచి నీకు టైఫాయిడు, పడకలో ఉంటివి అని," అన్నాడు ముసలాయన.

"నాకు జ్వరం రాలేదే!"

చెన్నకేశవన్ తల ఎత్తలేదు. "ఈ కోర్టులో జ్వరం రాని కక్షిదారు లేడమ్మా. జమాబందికి పోతిని అంటే నవ్వుతారు. డాక్టరు చీటీ నేను చూసుకుంటాను."

అక్టోబరులో ఆమెను బోనెక్కించారు. నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. వరదరాజన్ వకీలు మెల్లగా, మర్యాదగా అడిగాడు.

"జూన్ పన్నెండున మిల్లుకి పోయినావా?"

"లేదు సామీ."

"పడకలో ఉంటివా?"

చెన్నకేశవన్ ఆమె వంక చూశాడు. జ్వరం అంటే నేను ఇంట్లో ఊరికే పడుకున్నట్టు. ఎండలో నిలబడింది ఎవరికి తెలుస్తుంది, అనుకుంది.

"లేదు సామీ. నేను ఊరికే ఉండలేదు. ఎదురుగా జమాబందిలో నిలబడింటిని. పెద్ద దొర చేతికే మనువు ఇస్తిని. సీలు కూడా ఉండాది." నడుములో నుంచి కాగితం తీసి చాచింది.

చెన్నకేశవన్ కళ్ళు మూసుకున్నాడు. అవతలి వకీలు కాగితం అందుకుని గట్టిగా చదివాడు: "ఈ నేల మీద సివిల్ కోర్టులో దావా నడుస్తున్నందున, మనువుదారు అక్కడే హాజరై తేల్చుకోవాలి. పన్నెండు, జూన్, పంతొమ్మిది వందల అరవై ఎనిమిది."

హాలులో ఎవరో కిసుక్కున నవ్వారు. మున్సిఫ్ నవ్వలేదు. కలం కింద పెట్టి ఆమెను అడిగాడు.

"ఏమ్మా, దీన్ని ఎవరి చేతా చదివించుకోలేదా?"

"సీలు పడె గదా అని..."

"ఈ మాటే మనువులో రాసి ఉంటే ఆలోచించేవాణ్ణి. జ్వరం అని ప్రమాణం చేసినావు. ఇక్కడ నిలబడి జ్వరం లేదంటావు. నేను ఏది నమ్మేది?"

ఆమె చెన్నకేశవన్ వైపు తిరిగింది. అతను కాగితాలు సర్దుకుంటున్నాడు. మనువు కొట్టేశారు.

బయట వరండాలో అళగర్‌సామి, "పై కోర్టు ఉండాది, ఇంకో వకాలత్తు ఇస్తే..." అన్నాడు. ఆమె వినిపించుకోకుండా మెట్లు దిగిపోయింది.

తర్వాతి సోమవారం అమీనా వచ్చాడు. వెంట, నేల చేతులు మారిందని చాటడానికి తమ్మట కొట్టే ఆండి, వరదరాజన్ మనుషులు ఇద్దరు. పళనియమ్మాళ్ గడప మీద కూర్చుని లేవనంది.

"లేమ్మా. వారంటు ఉండాది," అన్నాడు అమీనా.

"చదువు," అంది పాప్పమ్మాళ్.

"ఏమి?"

"మొదటి నుంచి చదువు. నిదానంగా. ప్రతి మాటకీ అర్థం చెప్పు. అర్థం కాకుండా ఇంక ఏ కాగితానికీ కదలను."

వరదరాజన్ మనిషి ఒకడు, "కాలేజీకి పోతుందేమో," అని ఎకసెక్కం చేశాడు. అమీనా అతన్ని చూసి, మళ్ళీ ఆమెను చూసి, కాగితం విప్పాడు. చదివాడు. దావా నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు. ఆమె ఆపిన చోటల్లా ఆగి చెప్పాడు. ఉత్తరాన వంక. తూర్పున వరదరాజన్ తోట. హద్దులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటైనా తప్పు ఉంటుందేమోనని ఆమె చివరిదాకా వింది.

తప్పు లేదు.

ఆమె వంగి అత్తను రెండు చేతులతో పైకి లేపింది. ముసలామె బరువేమీ లేదు.

"దొరకి చెప్తివా పాపా? మనకి పట్టా ఉండాదని చెప్తివా?"

"చెప్తిని అత్తా."

ఆండి తమ్మట మీద దెబ్బ వేశాడు.