నాలుగూ పాయింటు ఇరవై ఐదు

స్కూలు సైన్సు ప్రదర్శనకి న్యాయనిర్ణేతగా రమ్మని పిలుపు వచ్చేసరికి ల్యాబు తాతయ్యకి ఒళ్ళు పులకరించింది. పులకరించదూ మరి! ముప్పై ఏళ్ళు నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. "అంకెతో ఆడుకోకూడదు. చూసింది రాయాలి, రాసింది చూసి ఉండాలి" అని తన కింద పనిచేసిన వాళ్ళందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పాడాయన. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఎర్రపెన్నూ నల్లపెన్నూ గుచ్చుకుని బయల్దేరాడు.

హాల్లో ఆయనతో పాటు ఇంకో న్యాయనిర్ణేత ఉంది, పక్క స్కూలు లెక్కల మేడమ్. హెడ్‌మిస్ట్రెస్ ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చింది. దాని మీద మూడు గడులు: ప్రశ్న వేసి వెతికిన తీరుకి పది, కొలతలు తీసి రాసిన తీరుకి పది, ఫలితాన్ని వివరించిన తీరుకి పది. ఇద్దరి మార్కులూ కలిపి ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళొక్కరే పెద్ద ప్రదర్శనకి వెళ్తారు.

"అందంగా ఉందని మార్కులెయ్యకండి మేడమ్. రంగు లైట్లకి గడి లేదు" అన్నాడు తాతయ్య. చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

అగ్నిపర్వతాలూ గాలిమరలూ దాటుకుంటూ పదకొండో బల్ల దగ్గరికొచ్చారు. అక్కడ ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నిలబడి ఉంది. రెండు జడలు, రెప్పవేయని కళ్ళు. ఇంట్లో ఆ పిల్లని పిడుగు అంటారట, ఎందుకో కాసేపట్లో అందరికీ తెలిసింది. బల్ల మీద మూడు స్టీలు గ్లాసులు: ఒకటి ఉత్తది, ఒకటి ఉన్ని మేజోడు తొడిగినది, ఒకటి మూత పెట్టినది. పక్కన మరకలు పడ్డ నోటుపుస్తకం.

"దేన్లో వేడినీళ్ళు ఎక్కువసేపు వేడిగా ఉంటాయా అని చూశానండి. మేజోడు గెలుస్తుందనుకున్నా. తప్పయింది. మూత గెలిచింది" అంది పిల్ల.

"తప్పయిందని నువ్వే చెప్పేస్తావేంటమ్మా?" అంది మేడమ్.

"అయింది కదండీ మరి."

తాతయ్య నోటుపుస్తకం తిప్పాడు. ప్రతి గ్లాసుకీ మూడేసి సార్లు, అయిదేసి నిమిషాలకోసారి కొలత. ఉత్త గ్లాసు: ఎనభై, అరవై ఎనిమిది, అరవై, యాభై నాలుగు, నలభై తొమ్మిది. ఒకచోట అంకెల చుట్టూ గీత గీసి, "రెండోసారి నానమ్మ చెమట పడుతోందని ఫ్యాను వేసింది. కొట్టెయ్యలేదు, సగటులో కలపలేదు, ఇంకోసారి చేశాను" అని రాసి ఉంది. తాతయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆయన ల్యాబులో పదేళ్ళు చేసినవాళ్ళకి కూడా ఆ బుద్ధి ఉండేది కాదు.

"మూతెందుకు గెలిచిందంటావ్?"

"ఆవిరి పైకి పోతూ వేడిని పట్టుకెళ్తుందండి. మేజోడు పక్కల్నే కప్పింది, పైన తలుపు తెరిచే ఉంది. మూత లోపల చూడండి, నీటి బొట్లున్నాయి."

మేడమ్ మాత్రం గ్రాఫు వంక చూసి పెదవి విరిచింది. "గీత ఇలా వంకరగా వేలాడుతోందేంటి? మొదట్లో గభాలున పడిపోయి, తర్వాత నీరసంగా దిగుతోంది."

"నీళ్ళు అలాగే చల్లారాయండి" అంది పిల్ల.

పన్నెండో బల్ల దగ్గర మేడమ్ మొహం వెలిగిపోయింది. అట్టల మేడ, లైట్లు, గిర్రున తిరిగే గ్లాసు. స్టీలు, ప్లాస్టిక్, గాజు గ్లాసులకి మూడు గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. దాని వెనక నిలబడ్డవాడు తాతయ్య పైవాటాలో ఉండే బొద్దుగాడు. వాడు తాతయ్యని చూశాడు. తాతయ్య చార్టు చూశాడు.

స్టీలు గ్లాసు, అయిదేసి నిమిషాలకి: ఎనభై పాయింటు సున్నా సున్నా. డెబ్భై అయిదు పాయింటు డెబ్భై అయిదు. డెబ్భై ఒకటి పాయింటు యాభై.

ఆ అంకెలు ముసలాయన ఎరిగినవే. పోయిన ఆదివారం పేపర్లో పదకేళి గడులు నింపుకుంటూ కూర్చున్నప్పుడు వీడొచ్చి, "తాతయ్యా, వేడినీళ్ళు చల్లారే అంకెలు కావాలి" అన్నాడు. "ఏదో స్కూలు గోల" అనుకుని తలెత్తకుండానే, "ఎనభైతో మొదలెట్టి నాలుగూ పాయింటు ఇరవై ఐదు చొప్పున తగ్గించుకుంటూ పో. ప్లాస్టిక్‌కి కాస్త తక్కువ, గాజుకి మధ్యస్తంగా. రెండు దశాంశాలుంటేనే నమ్ముతారు. ఎవరికీ చెప్పకు" అన్నాడు. అడ్డం ఏడు దొరికిన సంబరంలో ఆ మాటే మరిచిపోయాడు.

"చూశారా మాస్టారూ, ఎంత పద్ధతిగా ఉందో! కొలతలకి పదికి పది వేసేస్తున్నా" అంది మేడమ్. కాగితం మీద పిడుగుకి ఇరవై ఒకటి, బొద్దుగాడికి ఇరవై ఎనిమిది పడ్డాయి. ఇక ఆ పిల్ల వెళ్ళడమా మానడమా అన్నది తాతయ్య చేతిలో ఉంది.

'వీడి కొలతలకి సున్నా వేసేసి నోరుమూసుకుంటే సరి' అనుకున్నాడాయన. నల్లపెన్ను తీశాడు కూడా. పక్కబల్ల ఊరుకుంటేగా!

"తమ్ముడూ, నీ థర్మామీటరు స్కూలు ల్యాబుదేనా?" అని అడిగింది పిడుగు. "అందులో డిగ్రీకో గీతే ఉంటుంది. డెబ్భై అయిదు దాటి పాయింటు డెబ్భై అయిదు ఎలా చూశావ్?"

బొద్దుగాడు చార్టుకి అడ్డంగా జరిగాడు.

"ఇంకోటి. అయిదు నిమిషాలకి నాలుగుంబావు చొప్పున పోతూనే ఉంటే, గంటన్నర దాటాక నీ స్టీలు గ్లాసులో నీళ్ళు గడ్డకట్టాలి. కట్టాయా?"

చుట్టూ మూగిన పిల్లలు కిసుక్కుమన్నారు. మేడమ్ వేళ్ళ మీద లెక్కకట్టుకుని నోరు తెరిచింది. "ఏరా, ఎక్కడివిరా ఈ అంకెలు?"

వాడు తాతయ్య వంక ఒక్కసారి చూసి తలొంచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని నోరు విప్పడే! ఎవరికీ చెప్పకన్నారుగా. ముసలాయనేమో తేలు కుట్టిన దొంగలా పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. పన్నెండేళ్ళ పిల్లాడు తన పరువు మోస్తుంటే చూస్తూ నిలబడ్డందుకు ఆయనకి సిగ్గేసింది, ఒళ్ళంతా సిగ్గేసింది.

"నావి" అన్నాడు చివరికి. "ఆ అంకెలు నావి మేడమ్. గ్లాసు లేదు, నీళ్ళు లేవు. కుర్చీలో కూర్చుని పుట్టించాను."

హెడ్‌మిస్ట్రెస్ పరిగెత్తుకొచ్చింది. అప్పుడు బొద్దుగాడు ముక్కు ఎగబీల్చి, నిక్కరు జేబులోంచి నలిగిన కాగితం ఒకటి తీశాడు.

"నేను నిజంగానే కొలిచా తాతయ్యా. గీత వంకరగా వచ్చింది. తప్పు చేశాననుకుని మీ దగ్గరికొచ్చా."

తాతయ్య కాగితం విప్పాడు. స్టీలు గ్లాసు: ఎనభై, అరవై తొమ్మిది, అరవై ఒకటి, యాభై అయిదు, యాభై. పిడుగు మెడ సాచి చూసి, "అరె, నాలాగే వచ్చిందే!" అంది.

నిజం జేబులో పెట్టుకొచ్చిన పిల్లాడికి అబద్ధం చేతిలో పెట్టి పంపాడు ముప్పై ఏళ్ళ ల్యాబు మనిషి.

మేడమ్ గప్‌చిప్‌గా తన మార్కులు కొట్టేసి మళ్ళీ వేసుకుంది. ఈసారి పిడుగు నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. పెద్ద ప్రదర్శనకి పిడుగే వెళ్తుందని తేలింది. తాతయ్య మాత్రం కాగితం అడుగున ఎర్రపెన్నుతో ఇలా రాశాడు: "పన్నెండో బల్ల, కొలతలు: 0. ఈ సున్నా పిల్లాడిది కాదు, నాది." కింద సంతకం పెట్టాడు.

బొద్దుగాడు ఆయన మోచేతి కిందనుంచి తొంగిచూశాడు. కన్నీళ్ళు ఇంకా ఆరలేదు గాని కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"తాతయ్యా, రెండు దశాంశాలుంటేనే నమ్ముతారు" అన్నాడు.

తాతయ్య వాడి నెత్తిన ఒకటి మొట్టి, సున్నా పక్కన చుక్క పెట్టి ఇంకో రెండు సున్నాలు చుట్టాడు.