ఆరో బొమ్మలో లేని లంబకోణం

జిరాక్స్ మిషను పెద్దది చేసి ఇచ్చిన లెక్కల పరీక్ష కాగితం, అందరూ పిచుక అని పిలిచే పిల్ల బల్ల మీద దుప్పటిలా పరుచుకుంది. అంచులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. చూపు బాగా తక్కువున్న ఆ పిల్ల కాగితానికి ముక్కు ఆనించి ఒక మూల నుంచి ఇంకో మూలకు వెతుక్కుంటూ పోయేసరికి, మొదట చదివిన ప్రశ్న ఎక్కడుందో తప్పిపోయేది. అక్షరాలు పెరిగిన మాట నిజమే. వాటితో పాటు మసకా పెరిగింది. బెల్లు కొట్టేసరికి కాగితం ఇంచుమించు తెల్లగానే ఉంది.

లెక్కల టీచరు దుకాణదారుల ఇంట పుట్టిన మనిషి. సరుకు ఎంత ఇచ్చామన్నది కాదు, కొన్నవాడి చేతికి ఎంత అందిందన్నదే లెక్క అని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఈసారి తూకం తప్పింది.

"శుక్రవారం ఇంకో పేపరు పెట్టండి" అన్నాడు హెడ్మాస్టరు. "తోటివాళ్లు చేసేదే చెయ్యాలి, పక్కన ఎవరూ కూర్చోకూడదు. చేస్తే లెక్కల్లోనే ఉంటుంది. లేదంటే సంగీతానికి మార్చేద్దాం. పిల్లని బాధపెట్టడం ఎందుకు?"

తలుపు పక్కనే నిలబడ్డ పిచుక ఊరుకోలేదు. "చూపు తక్కువైన వాళ్లందరికీ పాట వస్తుందని ఎవరు చెప్పారు సార్? నేను పాడితే మీరే నన్ను మళ్లీ లెక్కలకి పంపేస్తారు."

హెడ్మాస్టరు నవ్వాడు గానీ మాట మార్చలేదు.

చూపు తక్కువున్న పిల్లల కోసం నాలుగైదు బడులు తిరిగే ప్రత్యేక టీచరమ్మ మర్నాడు వచ్చింది. ఆ దుప్పటి కాగితాన్ని ఎత్తి పట్టుకుని, "ఇదేంటి చెల్లీ, కిటికీకి కట్టుకోడానికా?" అంది.

"వెక్కిరించకక్కా. ఏం చెయ్యాలో చెప్పు."

"జిరాక్స్ మిషన్ని మర్చిపో. మళ్లీ టైపు చెయ్యి. మామూలు సైజు కాగితమే, అక్షరాలు మాత్రం పెద్దవి, లావువి. పేజీకి ఒక్కటే ప్రశ్న. నంబరు ప్రతి పేజీలోనూ ఎడమవైపు పైనే ఉండాలి, ఆ పిల్ల వెతుక్కోకూడదు. భిన్నాల్లో అంకెలు, తల మీద కూర్చునే చిన్న ఘాతాలు, అవి కూడా పెద్దవి కావాలి. అందరూ మర్చిపోయేది అక్కడే. మెరిసే కాగితం వద్దు."

"బొమ్మలు?"

"ఒక్కోటి విడిగా, నల్లటి లావు గీతలతో. వెనక బూడిద రంగు వెయ్యకు. పేర్లు గీతల మీద ఎక్కకుండా పక్కన రాయి. అయినా ఆ పిల్లకి బొమ్మ ముక్కలు ముక్కలుగానే కనపడుతుంది, మొత్తం ఒకేసారి కనపడదు. అందుకని నీ గొంతుతో చెప్పి రికార్డు చెయ్యి. ముందు మొత్తం ఏంటో చెప్పు, తర్వాత ఒక్కో భాగం. బొమ్మకో రికార్డు. నంబరు చెప్పి మొదలుపెట్టు."

టీచరు ఆ వారమంతా నిలకడగా కూర్చోలేదు. టైపు చేసింది, చెరిపింది, మళ్లీ చేసింది. ఇంట్లో రికార్డు చేద్దామంటే హాల్లో ఫ్యాను గోల, వంటింట్లో కుక్కరు కూత. చివరికి బట్టల బీరువా ఉన్న గదిలో తలుపేసుకుని, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ ఫోను పట్టుకుంది.

"మూడో బొమ్మ. ఒక త్రిభుజం..."

"ఏమేవ్, నా తువ్వాలు ఎక్కడ?" తలుపు అవతల మొగుడు.

"త్రిభుజంలో ఉంది! కాసేపు నోరు మూసుకోండి!"

రికార్డు ఆపకుండానే మళ్లీ మొదటి నుంచి. గొంతు బొంగురుపోయే దాకా చెప్పి, వినడానికి ఓపిక లేక అలాగే వదిలేసింది. కొట్టు కట్టేసే వేళ సరుకు సరిచూసుకోకుండా తాళం వేసినట్టే అది.

శుక్రవారం పిచుక లైబ్రరీ గదిలో ఒక్కతే కూర్చుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముందు పేజీల కట్ట. టీచరు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా మెడ సాచి చూసింది. పేజీలు తిరుగుతున్నాయి. పిల్ల వేలు గీతల వెంబడి నడుస్తోంది, ఆగుతోంది, మళ్లీ నడుస్తోంది.

బెల్లు కొట్టగానే టీచరు లోపలికి వెళ్లి పేపరు అక్కడికక్కడే దిద్దింది. అన్నీ ఒప్పే. టీచరుకు కాళ్లు నేల మీద నిలవలేదు. హెడ్మాస్టరు గదికి పరిగెత్తబోతుంటే పిచుక కొంగు పట్టుకుంది.

"టీచర్, ఆరో బొమ్మ మీరే చెప్పేశారు."

"ఏం చెప్పాను?"

"వృత్తం, అందులో ఏబీ వ్యాసం, వృత్తం మీద సీ. అంతవరకూ బాగుంది. తర్వాత 'సీ దగ్గర లంబకోణం' అన్నారు. బొమ్మంతా తడిమి తడిమి చూశాను. సీ దగ్గర లంబకోణం గుర్తు లేదు. అది మీ గొంతులో మాత్రమే ఉంది."

టీచరు ఫోను లాక్కుని విన్నది. నిజమే. వ్యాసం మీద నిలబడ్డ త్రిభుజం కనపడితే చాలు, ఆమె కంటికి అక్కడ లంబకోణం దానంతటదే కనపడుతుంది. ఏళ్ల తరబడి బోర్డు మీద గీసిన అలవాటు. తోటిపిల్లలు బుర్ర పెట్టి పట్టుకోవాల్సింది సరిగ్గా దాన్నే.

"ఎవరికీ తెలీదుగా" అనేసింది, తనకే వినపడీ వినపడనట్టు.

"నాకు తెలుసుగా. రేపు ఎవరైనా ఆ రికార్డు వింటే మొత్తం పేపరు టీచరే చేసిపెట్టింది అంటారు. అప్పుడు ఒప్పైన మిగతావి కూడా పోతాయి. ఇంకోటి ఇవ్వండి."

పిల్ల లెక్క టీచరు లెక్క కన్నా గట్టిగా ఉంది. ఒక్క పుచ్చు గింజ కనపడితే బస్తా అంతా అనుమానమే. ఇద్దరూ హెడ్మాస్టరు గదికి వెళ్లి జరిగింది చెప్పారు.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదే నా భయం, మేడమ్. చెప్పి వినిపించడం అంటే చివరికి చెప్పి రాయించడమే అవుతుంది."

"మీ ముందే ఇంకో బొమ్మ గీస్తాను సార్, మీ ముందే చెప్తాను. బొమ్మలో ఉన్నదాని కంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పానా, మీరే ఆపండి."

లావు స్కెచ్ పెన్నుతో తెల్ల కాగితం నిండా గీసి పిచుక ముందు పెట్టింది. ప్రశ్న ముందే చెప్పింది: పీ దగ్గర కోణం ఎంత, ఎందుకు?

"ఒక వృత్తం. దాని లోపల ఒక త్రిభుజం. వృత్తానికి కేంద్రం ఓ. వృత్తం మీద కింద ఎడమవైపు పీ, కింద కుడివైపు క్యూ. ఓ నుంచి పీ వరకు ఒక గీత. ఓ నుంచి క్యూకి ఒక గీత. ఈ రెండూ..."

'సమానం' అన్న మాట పంటి దాకా వచ్చేసింది. హెడ్మాస్టరు తలెత్తాడు. టీచరు పెదవి కొరుక్కుంది.

"ఈ రెండూ ఓ దగ్గర కలుస్తాయి. అక్కడ, వాటి మధ్య ఎనభై డిగ్రీలు అని రాసుంది. పీ నుంచి క్యూకి ఇంకో గీత. అంతే."

పిచుక కాగితానికి ముఖం దగ్గరగా పెట్టి, ఓ నుంచి పీ వరకు, ఓ నుంచి క్యూ వరకు వేలు నడిపింది. హెడ్మాస్టరు కూడా మెడ వంచి బొమ్మను చూశాడు. ఆయన భాష చెప్పే మాస్టరు. చాలాసేపు చూశాడు.

"పొడవులేం ఇవ్వలేదుగా? ఈ ఒక్క ఎనభైతో ఎట్లా?" అన్నాడు మెల్లగా.

"ఇచ్చారు సార్" అంది పిచుక. "ఓపీ, ఓక్యూ రెండూ వ్యాసార్ధాలే కదా, సమానం. అందుకని పీ, క్యూ దగ్గర కోణాలు కూడా సమానం. నూట ఎనభైలో ఎనభై తీసేస్తే నూరు. సగం యాభై."

హెడ్మాస్టరు టీచరు వైపు చూశాడు. "మేడమ్, మీరు చెప్పిందంతా నేనూ విన్నాను. నాకైతే అందులో జవాబు ఒక్క ముక్క అందలేదు."

"అందకూడదు సార్" అంది టీచరు.

ఆయన పెన్ను తీసుకుని పిచుకను సంగీతానికి మార్చడానికి రాసిపెట్టుకున్న కాగితాన్ని అడ్డంగా కొట్టేశాడు. "సరే, లెక్కల్లోనే ఉండమ్మా. కానీ మేడమ్, వచ్చే రికార్డులు నాకు ముందు వినిపించండి. నాకు జవాబు తెలిసిపోతే మళ్లీ చెయ్యండి."

వరండాలోకి రాగానే పిచుక ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది. టీచరు నడక ఆపేసింది.

"మళ్లీ ఏం వింటున్నావే?"

"మిగతా బొమ్మలు టీచర్. మూడో దాంట్లో కూడా ఏదో ఎక్కువ చెప్పినట్టు గుర్తు. ఆగండి... ఆ, ఇదిగో. ఎవరో తువ్వాలు అడుగుతున్నారు."