స్టేక్ లోపలి వేడి

పన్నెండు దాటి ఇరవై నిమిషాలకు థర్మామీటరు నలభై ఏడు చూపించింది. ఆనందకుమార్ ఓవెన్‌లోంచి ట్రే సగం బయటికి లాగి, ఆగిపోయాడు.

ట్రేలో జాలీ మీద ఆరు స్టేక్‌లున్నాయి. గేదె మాంసంలో అన్నిటికన్నా మెత్తని అండర్‌కట్ ముక్కలు, రెండంగుళాల మందం. ముందురోజు సాయంత్రమే ఉప్పు పట్టించి, పైతడి ఆరేలా మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచాడు. నూట ఇరవై డిగ్రీల ఓవెన్‌లో నెమ్మదిగా లోపలి వేడి నలభై ఏడుకు తేవాలి. అప్పుడు తీసి, పొగలు కక్కే ఇనప పెనం మీద ఒక్కో వైపూ నిమిషం చొప్పున కాలిస్తే, లోపల యాభై నాలుగుకు చేరి ఆగుతుంది. అప్పుడే అంచు నుంచి అంచుదాకా ఒకే గులాబి రంగు. గేదె మాంసంలో కొవ్వు తక్కువ. అరవై అయిదు దాటిందా, ఇక చెప్పుతోలే.

కానీ పన్నెండింటికి ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టిన అంత మందం మాంసం ఇరవై నిమిషాల్లో నలభై ఏడుకు ఎలా వస్తుంది? కనీసం నలభై నిమిషాలైనా పట్టాలి.

ఇంకో ముక్కలో గుచ్చాడు. యాభై రెండు. అదే ముక్కలో మళ్లీ గుచ్చాడు. నలభై ఒకటి.

ట్రే లోపలికి తోసి తలుపు మూశాడు. గ్లాసులో ఐసు ముక్కలు దంచి పోసి, కాసిని నీళ్లు కలిపి థర్మామీటరు ముంచాడు. సున్నా చూపించాలి. పదకొండు చూపించింది, తర్వాత పదహారు, ఆ తర్వాత అంకెలే పోయాయి. తిప్పి చూస్తే వెనక రబ్బరు మూత సరిగ్గా పడలేదు, లోపలికి నీళ్లు దిగాయి. నిన్న కుళాయి కింద కడిగింది తనే. మూత పడిందో లేదో అతని వేళ్లకు తెలియలేదు.

అసలు సంగతి అదే. బీచ్ రోడ్డులోని ఆ హోటల్లో ఇరవై రెండేళ్లుగా మాంసం కాల్చే గ్రిల్ దగ్గర నిలబడ్డ మనిషి అతను. ఒకప్పుడు మాంసం మీద వేలు ఆనించి ఎంత ఉడికిందో చెప్పేసేవాడు. పదేళ్లుగా ఉన్న షుగరు నాలుగు నెలల క్రితం వేళ్ల కొసలకు పాకింది. ఏది ముట్టుకున్నా మందపాటి తొడుగు మీంచి ముట్టుకున్నట్టే. ఎవరికీ చెప్పలేదు, గాజువాకలో ఇంట్లో ఉన్న భార్య ప్రేమలీలక్కూడా. కిందటేడు కంటి ఆపరేషన్ అయిన తోటి వంటవాడు సన్యాసిరాజును "మంట దగ్గర వద్దులే" అని స్టోరుకు పంపారు. మూడు నెలలకు స్టోరులోనూ కనిపించలేదు. అందుకే ఆనందకుమార్ ఈ ఓవెన్ పద్ధతి పట్టుకున్నాడు. ఇందులో వేళ్లతో పనిలేదు, అంకె చూస్తే చాలు.

ఇప్పుడా అంకె లేదు. ఒంటిగంటకు పోర్టు క్రేన్ల పని మీద వస్తున్న ఆరుగురు విదేశీ ఇంజనీర్లు బల్ల దగ్గర కూర్చుంటారు. ఇంకో థర్మామీటరు హెడ్ షెఫ్ దేవీప్రసాద్ గది బీరువాలో ఉంది. ఆయన తాళాలతో సహా ఎయిర్‌పోర్టుకు వెళ్లాడు, ఆ అతిథుల్ని తీసుకురావడానికే.

ఓవెన్ తలుపు తీసి ఒక స్టేక్ నొక్కాడు. ఏమీ తెలియలేదు. గట్టిగా నొక్కాడు. మాంసం లోతుకు దిగిందని కంటికి కనిపించింది గానీ వేలికి తెలియలేదు. ఒక ముక్క కోసి చూద్దామా? సగం ఉడికాక కోస్తే ఆ ముక్క పాడవుతుంది, సరిగ్గా ఆరే ఉన్నాయి.

"అన్నా, ఏటి సేత్తన్నావ్? తలుపు అలా తీసీసుంటే నా ఓవెన్ వేడి పోదేటి?"

నర్గీస్. కేకుల విభాగం ఆమెది, ఆ ఓవెనూ ఆమెదే. పాతబస్తీ నుంచి వచ్చి ఏడేళ్లుగా ఇక్కడే పనిచేస్తోంది, యాస కూడా ఇక్కడిదే పట్టేసింది.

"నర్గీసూ, ఓపాలి ఇలా రామ్మా. ఇది నొక్కి సెప్పు, మెత్తగుందా, గట్టిగుందా?"

ఆమె నవ్వింది. "నన్నడుగుతావేటన్నా? గ్రిల్ మాస్టరువి నువ్వు!"

"నాకు తెలీట్లేదు." అనేసి గొంతు తగ్గించాడు. "నా సేతి ఏళ్లు సచ్చిపోయాయమ్మా. నాలుగు నెలలయింది. మీటరు పోయింది. ఎవులికీ సెప్పకు, నీకు దండమెడతాను."

నర్గీస్ మొహంలో నవ్వు ఆరిపోయింది. అతని చేతులకేసి చూసింది, గోడ గడియారంకేసి చూసింది. తన బల్ల దగ్గరికెళ్లి, కేకు లోపల ఉడికిందో లేదో చూసే సన్నటి పుల్ల తెచ్చింది. స్టీలుది.

"ఏళ్లు సచ్చిపోతే పోనీ. మూతి ఉంది కదా? నాను సాక్లెట్ వేడి అలాగే సూస్తాను. కింద పెదవికి ఆనించి."

ఆనందకుమార్ పుల్లను స్టేక్ నడిమధ్యకు పక్కనుంచి దింపి, పది లెక్కపెట్టి, తీసి కింద పెదవికి ఆనించాడు. వేడీ లేదు, చల్లనా లేదు. పుల్ల తగిలినట్టే లేదు. అంటే ఒంటి వేడి, ముప్పై ఏడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఇందాక మీటరును నమ్మి తీసేసి ఉంటే మధ్యలో పచ్చిగా ఉండేది.

పుల్ల కడిగి, పది నిమిషాలాగి మళ్లీ చూశాడు. కొంచెం వెచ్చన. ఇంకో ఆరు నిమిషాలకు స్నానానికి తోడిన వేణ్ణీళ్లలా స్పష్టంగా తగిలింది. నలభై ఆరో, ఏడో. తప్పయితే? తప్పయినా ఇక వేరే దారి లేదు. ప్రభువా అనుకుని ట్రే బయటికి తీశాడు.

ముక్కల పైతడి గుడ్డతో అద్దాడు. పెద్ద ఇనప పెనాలు రెండు అప్పటికే పొగలు కక్కుతున్నాయి. నూనె తిప్పి, మూడేసి చొప్పున వేశాడు. చుర్రుమంది. ఒక్కో వైపూ నిమిషం, అంచులకు కాసేపు. పట్టుకారు జారినప్పుడల్లా కళ్లతో చూసి పట్టు సరిచేసుకున్నాడు. చివర్లో పుల్ల గుచ్చి పెదవికి ఆనిస్తే చురుక్కుమంది, ఒక్క క్షణమైతే ఓర్చుకోవచ్చు. చాలు. రెండు పెనాలూ చకచకా మంట మీంచి పక్కకు దించాడు.

"అన్నా! సెయ్యి!" నర్గీస్ కేక పెట్టింది.

రెండో పెనం పిడి మీద గుడ్డ లేదు. వట్టి చేత్తో పట్టుకునే ఉన్నాడు. ముందు వాసన వచ్చింది. వదిలి చూస్తే అరచెయ్యి అడ్డంగా తెల్లగా కాలింది. తెలిసింది కాస్త వెచ్చదనమే.

వంటగది గుమ్మంలో దేవీప్రసాద్ నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు.

ఆయన ముందు ఆనందకుమార్ చెయ్యి కుళాయి కింద పెట్టి నీళ్లు వదిలాడు. తర్వాత అలవాటు ప్రకారం ఒక స్టేక్‌ను నిలువునా రెండు ముక్కలుగా కోశాడు. పైన ముదురు గోధుమ రంగు పొర, లోపలంతా ఒకే గులాబి రంగు. మిగతావీ అలాగే కోయించి బల్లకు పంపేశాడు.

"ఎప్పట్నుంచి?"

"సార్, ఇయాల పని సెడలేదు కదా సార్. సూడండి, ఒక్కటీ సెడలేదు..."

"స్టేక్ సంగతి కాదయ్యా నేనడిగేది. ఎప్పట్నుంచి?"

ఆనందకుమార్ చెప్పాడు. చెబుతూ చెబుతూ, మంట దగ్గర్నుంచి తీసెయ్యొద్దని బతిమాలాడు. ఇంకో పని రాదన్నాడు. దేవీప్రసాద్ తలదించుకుని విన్నాడు. "రేపట్నుంచి నువ్వు పెనం ముట్టడానికి వీల్లేదు," అన్నాడు చివరికి. "నీ చెయ్యి కాలిపోతుంటే నీకు తెలియలేదు. నేను చూస్తూ ఊరుకోలేను."

ఆస్పత్రిలో కట్టు కట్టాక డాక్టరు అతని పాదాల మీద సన్నని దారంతో అక్కడక్కడా తాకి, తెలిస్తే చెప్పమంది. పదిచోట్లలో మూడుచోట్లే చెప్పగలిగాడు. పాదాల సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు. బల్ల మీద అలాగే కూర్చుని, గట్టిగా ఏడ్చాడు.

సాయంత్రం బస్సు దిగి ఇంటికెళితే, ప్రేమలీల కట్టు చూసి కంగారుగా లేచింది. సంగతంతా విని కసిరింది. "నాలుగు నెలలా? పక్కనే ఉన్నాను కదయ్యా! నాకెందుకు సెప్పలేదు?" అని అరిచి, అటు తిరిగి కూర్చుంది. చాలాసేపటికి లేచి, అన్నం కలిపి ముద్ద చేసి అతని నోటికందించింది. వేడెక్కువగా ఉందని ఊదింది.

మూడు వారాల తర్వాత హోటల్ నుంచి పిలుపొచ్చింది. గ్రిల్‌కు కాదు. ఓవెన్ దగ్గర నిలబడి, కొత్తగా చేరిన ఇద్దరు వంటవాళ్లకు ఏ మాంసం ఎప్పుడు తియ్యాలో, ఎంత వేడికి ఆపాలో నేర్పాలి. చేతులకు తొడుగులు తప్పనిసరి, మంట ముట్టకూడదు. ఆర్నెల్లు చూసి చెబుతామన్నారు. ఆ తర్వాత ఉంచుకుంటారా లేదా అని అతనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్న పెందరాళే బస్సెక్కాడు.