పాలసంచిలో తాళంచెవి

పెళ్ళయ్యాక ప్రసన్నకు దొరికిన చిన్నచిన్న సంతోషాల్లో పాలసంచి ఒకటి. మన్సూరాబాద్‌లోని వాళ్ళ కిరాయి ఇంటి తలుపు గడియకు వేలాడే పసుపు గుడ్డ సంచి అది. పొద్దున అందులో పాలప్యాకెట్లు ఉండేవి. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లోని ల్యాబుకూ, రంజిత్ ఎల్బీనగర్‌లోని బైకుల షోరూముకూ వెళ్ళిపోయాక అందులోనే ఇంటి తాళంచెవి ఉండేది. భూలక్ష్మి మిగతా ఇళ్ళు ముగించుకొని మధ్యాహ్నానికి వచ్చేది. చెవి తీసి, గిన్నెలు కడిగి, ఇల్లు ఊడ్చి తుడిచి, బట్టలు ఆరేసి, తాళం వేసి మళ్ళీ సంచిలో వేసిపోయేది. ఆ వీధిలో అందరిదీ అదే పద్ధతి. ఒకరు చెప్పుల స్టాండులో పాత బూటులో పెట్టేవారు, ఒకరు కరెంటు మీటరు మీద. పనిమనిషి రావాలి, ఇంటివాళ్ళు ఉద్యోగాలకు పోవాలి. మరి ఇంకెలా కుదురుతుంది?

భూలక్ష్మి పోతూ పోతూ గుమ్మం ముందు ముగ్గు వేసేది. పొద్దున వేరే ఇళ్ళలో ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం వేసేది. "సాయంత్రం నువ్వొచ్చి సూసుకుంటవు గదమ్మా, గందుకే" అని నవ్వేది. ప్రసన్న రోజూ బస్సు దిగి గబగబా నడిచి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఆ ముగ్గును ఫోటో తీసి రంజిత్‌కు పంపేది. అతను షోరూములో కస్టమర్ల మధ్య నిలబడి ఒక గుండె బొమ్మ తిరిగి పంపేవాడు. అదీ ఒక సంతోషమే.

ఆ ఇంటికి అప్పుడప్పుడూ శైలేందర్ కూడా వచ్చేవాడు. రంజిత్ చిన్నమ్మ కొడుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షల కోచింగు తీసుకుంటున్నాడు. హాస్టల్లో నీళ్ళు రాని రోజు సంచిలోంచి చెవి తీసుకొని వచ్చి స్నానం చేసి, కుక్కర్లో మిగిలింది తిని, "వదినా, పప్పు కిర్రాక్" అని మెసేజ్ పెట్టేవాడు. ప్రసన్నకు అది కూడా ముద్దుగానే ఉండేది. తన చేతి పప్పును మెచ్చుకున్న మొదటి మనిషి వాడు.

శ్రావణంలో అబ్దుల్లాపూర్‌మెట్‌లో బంధువుల పెళ్ళి ఉందని ప్రసన్న బ్యాంకు లాకర్లోంచి గుండ్లపేరు తెచ్చి బీరువాలో చీరల కింద పెట్టింది. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి తనకు వచ్చిన బంగారు గుండ్ల దండ. పెళ్ళినాడు పొద్దున చీర తీస్తే కింద అది లేదు. బీరువా తాళంచెవి ఎప్పటిలా బీరువా మీదే ఉంది. ఇంటి తలుపు బాగానే ఉంది. కిటికీలు బాగానే ఉన్నాయి. ఇల్లంతా తనకు తెలిసినట్టే ఉంది. అదే భయంగా అనిపించింది.

పెళ్ళికోసం ముందురోజే వచ్చిన అత్తగారు ఉదయలక్ష్మి మంచం మీద కూలబడింది.

"ఇంకెవరు పిల్లా? దినాం ఇంట్లకొచ్చేది గా పనామె ఒక్కతే. తాళంచెవి తీస్కపోయి దాని చేతుల పెడ్తిరి."

"అత్తమ్మా, భూలక్ష్మక్క అట్లాంటిది కాదు."

"నీకేం ఎర్క? నువ్వొచ్చి ఎన్నొద్దులైంది? పో రంజిత్, ఠాణాకు పో. దాని పేరు రాయి."

రంజిత్ ఎల్బీనగర్ ఠాణాలో ఫిర్యాదు రాశాడు. పనిమనిషి భూలక్ష్మి మీద అనుమానం ఉన్నట్టు స్పష్టంగా రాశాడు. ప్రసన్న పక్కనే కూర్చుంది. కలం పట్టుకున్న అతని వేళ్ళను చూస్తూ ఏమీ అనలేదు. ఆమె మనసంతా పోయిన గుండ్లపేరు మీదే ఉంది.

"ఫికర్ చెయ్యకు" అన్నాడు రంజిత్ బయటికి వచ్చాక. "పెండ్లప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకున్న గద. దొంగతనం గూడ ఉంది అందుల. అచ్చం గట్లాంటిదే కొనుక్కుందాం." ఆ మాటకు ప్రసన్న చాలా రోజుల తర్వాత అన్నట్టుగా ఊపిరి పీల్చుకుంది.

తర్వాతి ఆదివారం త్రినాథరావు వచ్చాడు. బీమా కంపెనీ తరఫున నష్టాన్ని చూసి నివేదిక రాసే సర్వేయరు. గుంటూరు వైపు మనిషి, ఎప్పుడో వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డాడు. లోపలికి రాకముందే గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. గడియను అటూ ఇటూ కదిపాడు, తాళం కప్పను వేలితో తడిమాడు, కిటికీ ఊచలు లాగి చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని ఫిర్యాదు నకలు చదివాడు. ప్రసన్న ఇచ్చిన చాయ్ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు.

"బాబూ, తలుపు ఎక్కడా పగలలేదు కదా?"

"లేదు సార్."

"మీరు తీసుకున్న పాలసీలో దొంగతనమంటే, బయటివాడు బలవంతంగా లోపలికి జొరబడితేనండి. తాళమో, తలుపో, కిటికీనో పగలగొట్టి. తాళంచెవితో తలుపు తీసి లోపలికి వస్తే అది ఇందులోకి రాదు. రెండోది, ఇంట్లో వాళ్ళకి గానీ పనివాళ్ళకి గానీ అందులో చెయ్యి ఉంటే కంపెనీ ఇవ్వదు. మీరేమో పనామె మీద అనుమానమని మీ చేత్తోనే రాసిచ్చారు."

రంజిత్ ముఖం వాడిపోయింది. "గదేంది సార్? దొంగ ఎవడైతే ఏంది? పోయింది మాది గద!"

"అందరూ అలానే అంటారు." త్రినాథరావుకు కోపం రాలేదు. "చూడండి. మీరు తలుపేసి తాళం పెట్టుకున్నారు, ఎవడో వచ్చి పగలగొట్టాడు. ఎన్ని ఇళ్ళలో అలా జరుగుతుందో కంపెనీ అంచనా వేసి దానికి తగ్గట్టు ప్రీమియం తీసుకుంటుంది. మీ తాళంచెవి మీరెవరికి ఇస్తారన్నది మాత్రం పూర్తిగా మీ ఇష్టం. ఎవరిని నమ్మాలో మీకు తెలియాలి గానీ, ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుందమ్మా? మీ నమ్మకానికి వాడు ధర కట్టలేడు. పైగా ఇంట్లోవాళ్ళే తీసి దాచి పోయిందంటే, తేల్చడం ఎవరి తరం?"

"మరి పనోళ్ళు తీస్తే ఎవ్వరూ ఇయ్యరా?" ప్రసన్న అడిగింది.

"కొన్ని కంపెనీలు దానికి విడిగా పాలసీ అమ్ముతాయమ్మా. ఇచ్చేది తక్కువే, దానికో హద్దు ఉంటుంది. ముందే పోలీసుల దగ్గర పనామె వివరాలు విచారణ చేయించి ఉండాలంటారు. మీరు అది తీసుకోలేదు."

రంజిత్ ఒక్కసారి ముందుకు వంగాడు. "సార్, అసల్ జెప్పాలంటే మాకు భూలక్ష్మి మీద అనుమానమే లేదు. కోపంల రాసినం. ఠాణాకు పోయి పేరు తీపిచ్చేస్త. గా గడియ సూడండ్రి, జర లూజుగనే ఉంటది, గట్టిగ గుంజితే..."

"అవునయ్యా!" ఉదయలక్ష్మి అందుకుంది. "భూలక్ష్మి పాపం మంచి మనిషి. ఇన్నొద్దులాయె, ఒక్క చెంచా పోలే మా ఇంట్ల."

ప్రసన్న అత్తగారి ముఖం చూసింది, తర్వాత భర్త ముఖం చూసింది. వారం కిందట ఈ నోటితోనే దొంగ అన్నారు. ఈ వారంలో భూలక్ష్మి రోజూ ఠాణాకు వెళ్ళి బెంచీ మీద కూర్చుంటోందని పక్కింటావిడ చెప్పింది. ఆమె పనిచేసే ఇళ్ళలో ఇద్దరు ఇక రావద్దన్నారట. ఆ పేరు రాసినప్పుడు వీళ్ళకేమీ పోలేదు కాబట్టి రాశారు. ఇప్పుడు ఆ పేరు వల్ల డబ్బు పోతోంది కాబట్టి తీసేస్తున్నారు. రెండుసార్లూ భూలక్ష్మి ఏం చేసిందన్నది ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"అమ్మా," త్రినాథరావు ఆమె వైపు తిరిగాడు, "తాళంచెవి ఎక్కడుంటుందో ఎవరెవరికి తెలుసు?"

"మా ఇద్దరికి. భూలక్ష్మక్కకు." ఆమె ఆగింది. "శైలేందర్‌కు గూడ."

ఉదయలక్ష్మి తలెత్తింది. "ఏందే, మా చెల్లె కొడుకును అంటున్నవ?"

"అంటలేను అత్తమ్మా. సార్ ఎవరికి తెలుసని అడిగిండు. చెప్పిన. పెండ్లికి ముందు రెండుసార్లు వాడొచ్చి స్నానం చేసి పోయిండు."

"ప్రసన్నా, నోరుమూస్కో" అన్నాడు రంజిత్. పెళ్ళయ్యాక ఆమెతో అతను అలా మాట్లాడడం అదే మొదటిసారి. మాట బయటపడ్డాక అతనికే సిగ్గేసినట్టుంది, కళ్ళు దించుకున్నాడు.

"నువ్వు ఫిర్యాదు రాసేటప్పుడే నేను చెప్పాల్సింది" అంది ఆమె మెల్లగా. "మనోడని వాని పేరు మనకు యాదికే రాలే రంజిత్. పరాయిదని ఆమె పేరు ముందుగాల యాదికొచ్చింది. ఇద్దరి చేతుల ఒక్కటే చెవి."

త్రినాథరావు లేచాడు. "నేను చూసింది చూసినట్టు రాస్తానమ్మా. తలుపు పగలలేదని, చెవి ఎక్కడుంటుందో నలుగురికీ తెలుసని. నిర్ణయం కంపెనీది. కానీ ఆశ పెట్టుకోకండి." గుమ్మం దాకా వెళ్ళి రంజిత్ భుజం తట్టాడు. "బాబూ, ఆ గడియ జోలికి మాత్రం వెళ్ళకండి. నేను ఫోటోలు తీసుకున్నాను."

ఆ సాయంత్రమే ప్రసన్న ఠాణాకు బయలుదేరింది. వీధి మలుపు దాటకముందే వెనక బైకు ఆగింది. రంజిత్ హెల్మెట్ తీయకుండానే "ఎక్కు" అన్నాడు. ఠాణాలో శైలేందర్ సంగతి ఆమెకంటే ముందు తనే చెప్పాడు. ఎస్సై మహిపాల్ అంతా విని, వాంగ్మూలం మళ్ళీ రాయించాడు.

"ఈ ముచ్చట ముందుగాల చెప్తే ఆమెను గిన్ని దినాలు తిప్పకపోదుం గదమ్మా" అన్నాడు.

పోలీసులు పిలిపిస్తే శైలేందర్ రెండు ప్రశ్నలకే ఏడ్చేశాడట. ఫోనులో డబ్బు పెట్టి ఆటలాడి అప్పులపాలయ్యాడు. గుండ్లపేరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బంగారం తాకట్టు దుకాణంలో దొరికింది. చేతికి మాత్రం వెంటనే రాలేదు. అది ఇప్పుడు కేసు సొత్తు, కోర్టులో దరఖాస్తు పెట్టుకుని విడిపించుకోవాలి. కంపెనీ నుంచి ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. చెల్లెలు తనతో మాట్లాడటం మానేసిందని ఉదయలక్ష్మి కొన్ని రోజులు కోడలితో మాట్లాడటం మానేసింది.

ప్రసన్న, రంజిత్ మీర్‌పేట్‌లో భూలక్ష్మి ఇంటికి వెళ్ళారు. ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లేవలేదు, కూర్చోమని కూడా అనలేదు.

"తప్పైందక్కా" అన్నాడు రంజిత్ నిలబడే.

"నీ తప్పు నువ్వొచ్చి చెప్పినవ్. మంచిదే" అంది ఆమె. "మరి నా కూలి ఇండ్లు రెండు పోయినయ్. ఆళ్ళకెవరు చెప్తరు?"

"మేమే చెప్పినమక్కా" అంది ప్రసన్న. "పొద్దుగాల ఆ రెండిండ్లకు పోయొచ్చినం. ఒకామె రమ్మన్నది. ఇంకొకామె ఆలోచిస్తా అన్నది."

భూలక్ష్మి ఒలిచిన చిక్కుళ్ళను కొంగులోంచి గిన్నెలో పోసింది. "మీ ఇంటికి ఒస్త ప్రసన్నమ్మా. గని ఒక్క మాట. గా తాళంచెవి నాకొద్దు. మీరున్నప్పుడే ఒస్త, మీ కండ్ల ముంగట చేస్త, మీరు తాళం ఏస్కోండ్రి. ఏమన్న పోతె నా చేతుల చెవి లేదని నేను చెప్పుకోవాలె గద."

త్రినాథరావు మాటలు ప్రసన్నకు మళ్ళీ వినిపించాయి. నమ్మకానికి ధర కట్టలేక కంపెనీ దూరం జరిగింది. ఆ ధర తన ఒంటిమీద పడ్డాక భూలక్ష్మి కూడా జరిగింది. ఇద్దరిలో ఎవరినీ ఆమె తప్పు పట్టలేకపోయింది.

ఇప్పుడు ప్రసన్న ఇంకా చీకటి ఉండగానే లేస్తుంది. మిగతా ఇళ్ళకంటే ముందే భూలక్ష్మి ఇక్కడికి వస్తుంది, ఆ వేళకు చాయ్ పెడుతుంది. ఇద్దరూ వంటింట్లో నిలబడే తాగుతారు, ఎక్కువ మాటలుండవు. పసుపు సంచిలో ఇప్పుడు పాలప్యాకెట్లు మాత్రమే ఉంటాయి.

ముగ్గు మాత్రం చాలా రోజులు పడలేదు. ఒక సోమవారం ప్రసన్న ల్యాబుకు బయలుదేరుతుంటే బయటినుంచి రంజిత్ పిలిచాడు. గుమ్మం ముందు నాలుగు గీతల చిన్న ముగ్గు. భూలక్ష్మి అప్పటికే వీధి చివరికి వెళ్ళిపోయింది. ప్రసన్న ఫోను తీసింది, మళ్ళీ ఎందుకో లోపల పెట్టేసింది. దాన్ని తొక్కకుండా పక్కనుంచి ఇద్దరూ జాగ్రత్తగా దిగారు. తాళం వేసి చెవిని ఆమె తన పర్సులో వేసుకుంది.