అడగని వడ్డీ

వెంకటగిరియప్పకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బెంగళూరు కాడుగోడిలో స్టీలు సామాన్ల అంగడి ఆయనది. ఆ రోజు బ్యాంకు కాగితం చూసి ఒంటికాలి మీద లేచాడు. కూతురు చైత్ర ఇంజనీరింగు కోసం తెచ్చిన అప్పు రెండు లక్షలు. కాగితంలో ఉన్నది రెండు లక్షల ఎనభై నాలుగు వేలు.

"ఆ ఎనభై నాలుగు వేలు యాడ దాచినావు?" అన్నాడు, అంగడి ముందర, గిరాకీలు వింటుండగానే.

పిల్లోళ్లకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదివిన బిడ్డను పట్టుకుని దొంగ అన్నాడు మహానుభావుడు. చైత్రకు ఒళ్లు మండిపోయింది. "బ్యాంకులోనే తేల్చుకుందాం పా నాయనా," అంది.

మేనేజరు ఐజాక్ ఖాతా తీశాడు. "మీ అమ్మాయి చేతికి పైసా ఇవ్వలేదండి. ఏడాదికి యాభై వేలు, నాలుగు డీడీలు, అన్నీ కాలేజీ పేరునే. మిగతాది వడ్డీ. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఒక ఏడు మేము నెలవారీ కంతులు అడగం. వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. గడువు తీరాక అసల్లో కలుస్తుంది."

"అడగనిది వడ్డీ ఎట్లయితాది సార్?" అన్నాడు వెంకటగిరియప్ప.

"నెలనెలా కట్టుకుంటే ఒక శాతం తగ్గిస్తామని అప్పిచ్చిన రోజే చెప్పాను కదా. నూటికి పన్నెండు. మొదటి ఏడు నెలకు ఐదువందలు. రెండో ఏడు..."

"వెయ్యి," అంది చైత్ర, కాగితం చూడకుండానే. "మూడో ఏడు పదిహేనువందలు. ఆ తర్వాత రెండేళ్లు రెండేసి వేలు. ప్రతి నెలా మా నాయన చేతిలో పెట్టినా సార్, బ్యాంకులో కట్టమని."

వెంకటగిరియప్ప ఆ డబ్బంతా చీటీలో వేసి, పాట పాడుకుని, అంగడికి అద్దాల తలుపులు పెట్టించాడు మరి. "బ్యాంకోళ్లే అడగంది మనమెందుకు పొయ్యల్ల అనుకుంటి," అని గొణిగాడు.

"ఇప్పుడు కంతు ఎంత సార్?" అని అడిగింది చైత్ర.

"ఐదేళ్లు, నెలకు ఆరువేల మూడువందల పదిహేడు."

"రెండు లక్షలకే అయితే?"

"నాలుగువేల నాలుగువందల యాభై."

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొత్త ఉద్యోగం, జీతం ఎనిమిది వేలు. నాలుగున్నర వేలు పోయినా హాస్టలు గది దక్కుతుందని లెక్క వేసుకుంది. ఈ ఇంట్లోంచి బయటపడే దారి ఆ గదొక్కటే. ఆరువేలు కట్టాలంటే అది కాస్తా కళ్లముందే మూసుకుపోతోంది.

"నాలుగువేల నాలుగువందల యాభై నేను కడతా. మిగతాది ఆయన కడతాడు."

"బ్యాంకుకు అదంతా ఒకే అప్పమ్మా. ఆయన కట్టకపోతే నీ పేరూ చెడుతుంది."

"తెలుసు సార్."

చైత్ర గదిలో చేరింది. ప్రతి నెలా ఐదో తారీఖు సాయంత్రం బస్సు పట్టుకుని కాడుగోడికి వస్తుంది. ఇంట్లోకి పోదు. అద్దాల తలుపులు తోసుకుని, గిరాకీలు వింటుండగానే చెయ్యి చాపుతుంది.

"నాయనా, చలానా చూపించు."