ఇరవై ఆరు పేర్ల చీటీ

మా చిన్నకోడలు నిర్మలకు మహారాష్ట్ర ప్రభుత్వం ఆదర్శ టీచరు బహుమతి ఇచ్చిన సంగతి చెబుతాను. నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది గాని, చూసింది మరిచిపోయే అలవాటు నాకు లేదు. అది తొంభై ఆరో సంవత్సరం, సెప్టెంబరు నెల. ఎప్పుడూ ముంబైలో ఇచ్చే బహుమతులు ఆ యేడు మా వైపు జిల్లాల వాళ్లకు చంద్రపూర్‌లోనే ఇవ్వాలని పైన ఎవరికో బుద్ధి పుట్టింది.

బహుమతి అంటే ఎవరో మన మంచితనం చూసి వెతుక్కుంటూ వచ్చి ఇస్తారనుకున్నాను. అదేం కాదు. మనమే అర్జీ పెట్టుకోవాలి. నేను మంచిదాన్నని మనమే రాసుకొని, దానికి పిల్లల హాజరు, పరీక్షల మార్కులు, నాటిన మొక్కల ఫొటోలు కుట్టి, మూడు నకళ్లు తీసి ఆఫీసులో ఇవ్వాలి. నిర్మలకు ఆ పని సిగ్గనిపించింది. ఊరివాళ్లే పట్టుబట్టి ఫైలు పెట్టించారు.

మాది కోర్పనా తాలూకాలో ఒక పత్తి ఊరు. బడిలో నాలుగు తరగతులు, ఇద్దరు టీచర్లు. ఒకటి రెండు తరగతులు నిర్మలవి. మూడు నాలుగు ప్రణాలివి. ప్రణాలి రాజురా నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. ఆ వానాకాలంలో ప్రణాలిని సిమెంటు కాలనీ దగ్గరి బడికి మార్చే కాగితం తయారైంది. అక్కడి పెద్దమనుషులు అడిగారట. ఆమె వెళ్తే మా బడిలో పై రెండు తరగతులు మూతే. పిల్లలు నాలుగు కిలోమీటర్లు సున్నపురాయి లారీల రోడ్డు మీద నడిచి వేరే ఊరి బడికి పోవాలి. మగపిల్లలను పంపుతారేమో. పదకొండు మంది ఆడపిల్లలు మాత్రం మర్నాటి నుంచే పత్తిచేన్లో ఉంటారు. ఇది అందరికీ తెలుసు.

ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి మా తాలూకా చదువుల అధికారి పిదూర్కర్ సాహెబు. తొమ్మిదేళ్లలో ఆయన మా బడి గడప తొక్కలేదు. తనిఖీకి వచ్చినప్పుడు జీపు రోడ్డు మీదే ఆపి, రిజిస్టరు అక్కడికే తెప్పించుకొని, జీపు బానెట్ మీద పెట్టి సంతకం చేసి, మా ఇంటి మజ్జిగ తాగి పోయేవాడు. చెప్పుకు మట్టి అంటకుండా బడిని చూడగల కళ్లు దేవుడు కొందరికే ఇస్తాడు.

సభకు మూడు రోజుల ముందు ఆయన నిర్మలను ఆఫీసుకు పిలిపించాడు. తోడుగా నేను వెళ్లాను. నన్ను చూసి కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"బహుమతులు ఏడుగురికి. అందరి తరఫున మనోగతం చెప్పేది మీరొక్కరే," అన్నాడు మరాఠీలో. బహుమతి తీసుకున్నవాళ్లు తమ మనసులో మాట చెప్పడాన్ని అక్కడ మనోగతం అంటారు. "మూడు నిమిషాలు. తర్వాత గంట కొడతారు. ఈ చీటీలో పేర్లున్నాయి, ఇదే వరుసలో కృతజ్ఞతలు చెప్పాలి. మంత్రిగారి తర్వాత నా పేరు. నా పేరుకు ముందు 'విద్యాప్రేమి' అని ఉంది, అది వదలొద్దు."

"సార్, ప్రణాలి బదిలీ..." అంది నిర్మల.

"ఫైలు నా బల్ల మీదే ఉంది. సభ కానివ్వండి. మీరెలా మాట్లాడతారో చూసి మాట్లాడదాం."

మేము మెట్లు దిగుతుంటే తాలూకా పంచాయతీ సమితికి అధ్యక్షుడైన సభాపతి మనిషి ఇంకో చీటీ ఇచ్చాడు. అవే పేర్లు. కాకపోతే మంత్రి తర్వాత సభాపతి పేరు, పిదూర్కర్ తొమ్మిదోవాడు. ఒకే చీపురుపుల్ల కోసం కొట్లాడే రెండు కాకులు గుర్తొచ్చాయి నాకు.

ఇంటికొచ్చి నిర్మల గోడగడియారం ముందు నిలబడి చదివింది. ఇరవై ఆరు పేర్లు, ఒక్కొక్క పేరుకు ముందు రెండేసి బిరుదులు. ఊపిరి తీసుకోకుండా చదివినా రెండు నిమిషాల యాభై సెకండ్లు పట్టింది.

"ఇగ బడి గురించి చెప్పెటందుకు పది సెకండ్లు ఉంటయి అత్తా," అంది. "దండం పెట్టి దిగుడే."

"వీళ్లల్ల మన బడికి వచ్చినోళ్లు ఎందరే?"

"ఒక్కలు రాలే."

"మరి దేనికి థాంక్స్? రానందుకా?"

నవ్వింది గాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ప్రణాలి పోతే ఎట్ల అత్తా? ఆయన పేరు ముందు చెప్తె సభాపతికి కోపం. వెనుక చెప్తె ఆయనకు కోపం. అసలే చెప్పకపోతే రేపే సంతకం కొడ్తడు."

"పేర్లు చెప్పుడే బంద్ చెయ్," అన్నాను. "పత్తి ఏరుడు అయిపోయిననాడు నేనేం జేస్త?"

మా చేన్లో ఒక పద్ధతి ఉంది. ఆఖరి రోజు కూలివాళ్లకు బెల్లం పంచేటప్పుడు నేను పేర్లు పిలవను. పేరు పిలిస్తే ఎవరు ముందు, ఎవరు వెనుక అని మూతులు ముడుస్తారు. అందుకే పని చెబుతాను. "వానొచ్చిననాడు తడిసిన పత్తి మీద తన కొంగు కప్పిన చెయ్యి ఏదో, రా" అంటాను. ఆ చెయ్యి దానంతటదే ముందుకొస్తుంది. ముప్పై ఏళ్లలో చెయ్యని పనికి చెయ్యి చాపిన ఆడమనిషిని నేను చూడలేదు.

నిర్మల రెండు చీటీలూ మడిచి పక్కన పెట్టి, కొత్త కాగితం తీసింది. రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. "నాలుగు పనులు చాలత్తా. ఒక్కొక్కటి కండ్లకు కనవడెటట్టు చెప్పాలె. ఎక్కువైతే ఇదీ చీటీ లెక్కనే అయితది," అంది. గడియారం పెట్టి చదివితే రెండు నిమిషాల నలభై సెకండ్లు వచ్చింది.

సభనాడు చంద్రపూర్ హాలులో వేదిక మీద పద్నాలుగు కుర్చీలు. పది గంటల సభకు మంత్రి పన్నెండున్నరకు వచ్చాడు. బహుమతి తీసుకునే ఏడుగురు మొదటి వరుసలో ఆకలితో కూర్చున్నారు. నేనూ ప్రణాలీ నాలుగో వరుసలో. మైకు పట్టిన మనిషి పద్నాలుగు పేర్లు చదివాడు. స్వాగతం చెప్పినవాడు మళ్లీ ఆ పద్నాలుగు చదివాడు. పూలదండలకు ఇంకోసారి. తర్వాత మాట్లాడిన ప్రతివాడూ "వేదిక మీద ఆసీనులైన" అని మొదలుపెట్టి మళ్లీ మొదటి నుంచి. తన పేరు వచ్చినప్పుడల్లా పిదూర్కర్ కొంచెం ముందుకు వంగి, మెడ తిప్పి, ఎవరు విన్నారో చూసుకొనేవాడు. సొంత పేరు అన్నిసార్లు విన్నా ఆ మనిషికి నమ్మకం కుదరనట్టుంది.

"అవ్వా, అన్నిసార్లు ఎందుకు చెప్తున్రు?" అని ప్రణాలి వచ్చీరాని తెలుగులో అడిగింది.

"మర్చిపోతరని భయం బిడ్డా. పనిల గుర్తు పెట్టుకునేది ఏం లేదు కద."

శాలువా, కొబ్బరికాయ, ప్రశంసాపత్రం అయ్యాయి. నిర్మలను పిలిచారు. ఆమె చేతిలో చీటీ లేదు. పిదూర్కర్ కుర్చీ అంచుకు జరిగాడు.

"వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మీ అందరికీ నమస్కారం," అంది మరాఠీలో. ఒక్క వాక్యం. అంతే. వెనుక వరుసల్లో గుసగుసలు ఆగిపోయాయి.

"మా ఏడుగురికీ ఇచ్చిన ఈ గౌరవానికి కృతజ్ఞతలు. నేను ఎవరి పేరూ చెప్పను. చేసిన పనులు చెబుతాను. చేసినవాళ్లకు అవి చేరతాయి. మా బడికి ఒకటే గది. వర్షం వస్తే రెండు తరగతుల పిల్లలు చూరు కింద నిలబడేవారు. ఒక రైతు ఇల్లాలు తన పశువుల కొట్టం ఖాళీ చేసి, పేడతో అలికి, ఇక్కడ కూర్చోండి అంది. ఆ వానాకాలమంతా ఆమె బర్రె వానలో తడిసింది. ఆమెకు నమస్కారం."

ఆ ఇల్లాలు తిరుపతమ్మ ఆ రోజు తన చేన్లో ఉంది, కలుపు తీయిస్తూ. పిలుపు కాగితం ఆమెకు ఎవరు పంపుతారు?

"ఒక కండక్టరు మా సుద్దముక్కల పెట్టెను, పుస్తకాల కట్టలను ఒడిలో పెట్టుకొని తెచ్చాడు, తడవకుండా. ఒక లారీ డ్రైవరు పదిన్నరకు మా మలుపు దగ్గర బండిని అడ్డంగా ఆపుతాడు. వెనుక లారీలు ఎంత మొత్తుకున్నా, పిల్లలు రోడ్డు దాటాకే తీస్తాడు. ఆయన ముఖం కూడా నాకు సరిగా తెలియదు. ఇద్దరికీ నమస్కారం."

హాలులో చప్పట్లు. మంత్రి కునుకు వదిలి తల ఎత్తాడు. పిదూర్కర్ ముఖం మాత్రం ఎండిన బెండకాయలా ఉంది.

"ఆఖరి మాట. మా బడికి ఇద్దరు టీచర్లు. ఒక్కరే ఉంటే పై తరగతులు ఉండవు, పదకొండు మంది ఆడపిల్లల చదువు ఉండదు, ఈ శాలువా నా మీద ఉండదు. ఈ ఊరికి రెండో టీచరు ఉండాలి అని కాగితం మీద రాసిన చెయ్యి ఒకటుంది. ఆ చేతికి ఆ పదకొండు మంది నమస్కారం తెచ్చాను."

ఆ చెయ్యి తాలూకా ఆఫీసు వెంకన్న గుమాస్తాది. ఎనిమిదేళ్ల కింద కాలినడకన వచ్చి, పిల్లలను లెక్కపెట్టుకొని, ఆఫీసుకు పోయి గట్టిగా రాసినవాడు. ఉద్యోగం దిగిపోయి ఘుగ్గుస్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. నిర్మల చెప్పింది ఆయన గురించే.

మంత్రికి అదేం తెలుసు? "అరే వా! ఎవరిదండీ ఆ చెయ్యి?" అన్నాడు మైకులో వినపడేలా.

అప్పుడు లేచాడండీ పిదూర్కర్ సాహెబు. రెండు చేతులూ జోడించి, తల కొంచెం వంచి, సిగ్గుపడుతున్నట్టు నవ్వుతూ. మొత్తం సభలో తన పేరు రాని ఒకే ఒక్క ఉపన్యాసం ఆయన ఓర్చుకోలేకపోయాడు. చప్పట్లు మోగాయి. పత్రికలవాళ్లు ఫొటోలు కొట్టారు. మంత్రి లేచి భుజం తట్టి, "రెండో టీచరును కాపాడిన అధికారి! ఇలాంటివాళ్లు కావాలి," అన్నాడు. సభాపతి పళ్లు కొరుకుతూ చప్పట్లు కొట్టాడు.

నా పక్కన ప్రణాలి నోరు తెరిచి చూస్తోంది. "అవ్వా, నా ఫైలు..."

"చూస్తుండు, ఇప్పుడే కూసున్నడు దాని మీద. ఇగ అది కదలదు," అన్నాను.

సభ అయ్యాక భోజనాల దగ్గర ఆయన మమ్మల్ని పట్టుకున్నాడు. పళ్లెంలో జిలేబీ ఉంది గాని తినడం లేదు.

"మేడం, చీటీ ఇచ్చాను కదా. నా పేరు చెప్పలేదు మీరు."

"చెప్పాల్సిన అవసరం రాలేదు కద సార్. మీరే లేచారు. అందరూ చూశారు," అంది నిర్మల, ఎంతో మర్యాదగా.

"అది... ఆ బదిలీ సంగతి వేరే."

"మంత్రిగారు ఇప్పుడే అడిగారు సార్, ఆ రెండో టీచరు ఎవరని. ప్రణాలిని చూపించాను. మా బడిలోనే బాగా చేయమని చెప్పారు."

ఆయన జిలేబీ వైపు చూశాడు. దూరంగా మంత్రి చేయి కడుక్కుంటున్నాడు. నేను ఊరుకోవచ్చు గాని, ఊరుకోలేదు. సంతలో నేర్చుకున్న నా మరాఠీలో అన్నాను, "సాహెబ్, ఒకసారి మా బడికి రండి. మీరు రాసి ఇచ్చిన టీచరు ఎక్కడ కూర్చుంటదో చూడొచ్చు. కొంచెం బురద ఉంటది, అంతే."

మర్నాటి పత్రికలో ఫొటో వచ్చింది. చేతులు జోడించిన పిదూర్కర్, పక్కన మంత్రి, మూలన నిర్మల శాలువా కొసంత. కింద ఆయన పేరు, విద్యాప్రేమి అనే బిరుదుతో సహా. అంత అచ్చయ్యాక సంతకం ఎలా పెడతాడు? ఫైలు మూసేశాడు. భయంతో చేసిన మంచికి ఆయనకు నా థాంక్స్ లేదు, చెప్పేది కూడా లేదు. నిర్మల ఘుగ్గుస్ పోయి వెంకన్న గుమాస్తాకు శాలువా కప్పి వచ్చింది. ఆయన మాత్రం, "నేను రాసిన దాంట్ల ఏమున్నది బిడ్డా, పిల్లలున్నరు కాబట్టి రాసిన" అన్నాడట.

సోమవారం నేను కావాలనే పత్తిచేనికి తిరుపతమ్మ కొట్టం పక్కదారిన పోయాను. లోపల ప్రణాలి రిజిస్టరు తెరిచి మూడో తరగతి హాజరు పిలుస్తోంది. నాకు పేర్ల జాబితా అంటే అసహ్యం పుట్టిన వారం అది. అయినా ఆగి, ఆఖరి పిల్ల "హజర్, బాయి" అని టీచరుకు పలికేదాకా విన్నాను.