ఏనుగు డిబ్బీ చక్రవడ్డీ

రేపల్లెలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే వేంకటసుబ్రహ్మణ్యానికి ఏటా చక్రవడ్డీ పాఠం దగ్గరే పరువు పోయేది. పిల్లలు సూత్రం గడగడా అప్పజెప్పేవారు. బారువడ్డీకీ చక్రవడ్డీకీ తేడా ఏంట్రా అంటే మాత్రం, చక్రవడ్డీ పెద్ద పాఠమండీ అనేవారు.

ఈసారి ఆయన తెనాలి వెళ్ళినప్పుడు ఏనుగు ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ డిబ్బీ ఒకటి కొన్నాడు. వీపు మీద చీలిక, పొట్ట కింద మూత. జూలైలో క్లాసులో అందరి ముందూ అందులో వెయ్యి రూపాయలు వేశాడు. నెలనెలా లోపల ఎంత ఉంటే దానికి పదో వంతు తన జేబులోంచి తీసి వేస్తానన్నాడు. ఏ బ్యాంకూ ఇంత వడ్డీ ఇవ్వదనీ, బ్యాంకు లెక్కన వేస్తే తేడా కనబడేసరికి వాళ్ళు కాలేజీలో ఉంటారనీ, ఇది కేవలం పాఠం కోసమేననీ కూడా చెప్పాడు. ఆ ముక్క ఆయన రెండుసార్లు చెప్పాడు. ఎవరి చెవినా పడలేదు.

ఆగస్టులో ఏనుగు పొట్టలో పదకొండు వందలు తేలాయి. పక్కన బోర్డు మీద రాసిన బారువడ్డీ లెక్కలోనూ పదకొండు వందలే. పిల్లలు నిరుత్సాహపడ్డారు. సెప్టెంబరులో బోర్డు మీద పన్నెండు వందలు, ఏనుగులో పన్నెండు వందల పది.

"ఈ పది ఎక్కడిదర్రా?" అని అడిగాడు.

దర్జీ నబీ సాహెబ్ కూతురు ఆసియా లేచి, మొదటి నెల వచ్చిన వంద కూడా అసలులో కలిసింది కాబట్టి ఈ నెల ఆ వందకి పది వచ్చిందండీ అంది. సుబ్రహ్మణ్యానికి పాతికేళ్ళ సర్వీసులో అంత తీపి జవాబు వినబడలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్య లలితాంబకి ఆ మాట మూడుసార్లు చెప్పాడు. ఆవిడ, మన జేబులోంచి పోయిన రెండు వందల పది సంగతి కూడా చెప్పండి అంది.

అక్టోబరులో పదమూడు వందల ముప్ఫై ఒకటి. నవంబరులో పధ్నాలుగు వందల అరవై నాలుగు రూపాయల పది పైసలు. పది పైసల బిళ్ళ ఊళ్ళో ఎక్కడా లేకపోవడంతో తన్వీర్ అనే కుర్రాడు చీటీ మీద 'పది పైసలు' అని రాసి ఏనుగులో వేశాడు. అప్పటికి బోర్డు మీద పధ్నాలుగు వందలే ఉన్నాయి. పిల్లలకి పాఠం ఎక్కింది.

వాళ్ళతో పాటు పాఠం ఇళ్ళకీ వెళ్ళింది. దారిలో 'జేబులోంచి' అన్న మాట జారిపోయింది. సార్ దగ్గర ఒక డిబ్బీ ఉంది, వెయ్యి వేస్తే దానంతటదే పెరుగుతోంది అన్న కబురు మాత్రం మిగిలింది.

ముందు బడి ఎదురుగా ఇడ్లీలమ్మే సుందరమ్మ వచ్చింది. కొంగుముడి విప్పి ఐదు వేలు బల్ల మీద పెట్టింది. ఇది పాఠమమ్మా, వడ్డీ నేనే వేస్తున్నాను అని ఆయన నచ్చజెప్పబోయాడు. తన డబ్బుకి తానే వడ్డీ వేసుకునే మనిషి భూమ్మీద ఉంటాడంటే ఆవిడ నమ్మలేకపోయింది. పెద్ద మాస్టార్ల డబ్బయితేనే వేయించుకుంటారేమోలెండి అని డబ్బు మళ్ళీ ముడివేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు హెడ్మాస్టరు బసవేశ్వరరావు గారు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేయించారు. ఇంకో ఏడాదిలో ఆయన రిటైరు కాబోతున్నారు. రెండు లక్షలున్నాయి, మీ ఏనుగులో పట్టవని నాకూ తెలుసు, అసలు ఏనుగు ఎక్కడుందో చెప్పండి చాలు అన్నారు. సుబ్రహ్మణ్యం తన జీతం, తన జేబు, తన పాఠం అన్నీ వివరించాడు. హెడ్మాస్టరు గారు ఓపిగ్గా విని, "సరేలెండి, అందరూ ఇలాగే చెబుతారు" అన్నారు.

అసలు ఏనుగు ఎక్కడుందో సోషల్ టీచరు ఝాన్సీలక్ష్మికి తెలుసు. తెనాలిలో ధనవాహిని మిత్ర అనే కంపెనీ నెలకి నూటికి పది ఇస్తోంది. వడ్డీ తీసుకోకపోతే అసలుకి కలుపుతుంది. ఆవిడ ఎనిమిది నెలల కిందట లక్ష పెడితే ఇప్పుడు పాసుపుస్తకంలో రెండు లక్షల పధ్నాలుగు వేలు చిల్లర కనబడుతోంది. కనబడుతున్నదంతా చేతికొచ్చిందా అని సుబ్రహ్మణ్యం అడిగితే, పెరుగుతున్న మొక్కని ఎవరైనా పీకుతారా అని ఆవిడ నవ్వింది.

వారం తిరక్కుండా ఆ కంపెనీ ఏజెంటు బడి గేటు దగ్గర కనిపించాడు. వాడు కాగితాలేమీ చూపించడం లేదు. మీ లెక్కల సార్ క్లాసులో చూపిస్తున్నది ఇదేనండీ, కావాలంటే మీ పిల్లల్నే అడగండి అంటున్నాడు. తల్లిదండ్రులు పిల్లల్ని అడిగారు. పిల్లలు వెయ్యి, పదకొండు వందలు, పన్నెండు వందల పది అని తప్పు లేకుండా చెప్పారు. సుందరమ్మ ఐదు వేలు, హెడ్మాస్టరు గారి రెండు లక్షలు తెనాలి వెళ్ళిపోయాయి. నబీ సాహెబ్ ఒక్కడే చేరలేదు. ఆయన వడ్డీ తీసుకోడు. ఇది వడ్డీ కాదు బోనస్ అని ఏజెంటు చెప్పి చూశాడట. నబీ సాహెబ్ వాడి చొక్కాకి కొలతలు తీసుకుని, కుట్టుకూలి చెప్పి పంపాడు.

తన పాఠం ఒకరి వ్యాపారానికి ప్రకటన అయిందని తెలిశాక సుబ్రహ్మణ్యం లెక్కంతా ఒక కాగితం మీద వేసుకున్నాడు. ఆదివారం రైలెక్కి తెనాలి వెళ్ళాడు. రెండో అంతస్తులో ఏసీ ఆఫీసు. మేనేజరు ఆయన పేరు వినగానే లేచి నిలబడి, ఎప్పుడో కప్పవలసిన శాలువా ఇప్పుడు కప్పుతున్నామన్నాడు. సుబ్రహ్మణ్యం శాలువా మడిచి బల్ల మీద పెట్టాడు.

"వడ్డీ డబ్బు ఎక్కడినుంచి తెస్తున్నారండీ?"

"తేవడం ఏంటి మాస్టారూ. అదే పెరుగుతుంది. మీ పాఠమే కదండీ."

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. ఈ లెక్కన లక్ష రూపాయలు ఏడాదికి మూడు లక్షల పదమూడు వేలు దాటుతాయి, రెండేళ్ళకి తొమ్మిది లక్షల ఎనభై నాలుగు వేలు దాటుతాయి, ఐదేళ్ళకి మూడు కోట్ల నాలుగు లక్షలు అవుతాయి, అంత లాభం తెచ్చే వ్యాపారం ఏదో చూపించమన్నాడు. మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఆ మూడు కోట్ల లెక్క ఇంత చక్కగా తమ మనుషులెవరూ చెప్పలేకపోతున్నారనీ, ఆ కాగితం ఒక కాపీ ఇప్పించమనీ అడిగాడు.

సుబ్రహ్మణ్యం కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరుగు రైలెక్కాడు.

డిసెంబరులో తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. ఆయన ఏనుగుని ఇంట్లో వదిలి ఒక రేకు డబ్బా, సంచీ నిండా చింతగింజలు తెచ్చాడు. ఆసియాని కంపెనీగా కూర్చోబెట్టాడు. నలుగురు పిల్లలు తలా పది గింజలు ఆమె డబ్బాలో వేశారు. ఆమె ఏ వ్యాపారమూ చెయ్యదు, కానీ నెలనెలా తలా ఒక గింజ వడ్డీ ఇవ్వాలి, ఆరు గింజలు ఆఫీసు ఖర్చుకీ ఏజెంటుకీ తీసుకోవాలి. అదీ ఆట.

మొదటి నెల వడ్డీ అందగానే చప్పట్లు కొట్టారు. రెండో నెలా అందింది. డబ్బాలో సగమే మిగిలాయని ఆసియాకి తప్ప ఎవరికీ తెలియదు. వడ్డీ బాగా వస్తోందని మరో ఇద్దరు చేరి ఇరవై గింజలు వేశారు. డబ్బా నిండుగా కనబడింది. ఆ తరువాత మూడు నెలలూ ఆరుగురికీ ఠంచనుగా వడ్డీ అందింది. అప్పుడు తులసి అనే పిల్ల లేచి, పండక్కి కావాలి, నా పది నాకిచ్చెయ్యి అంది. ఆసియా డబ్బా బోర్లించింది. నాలుగు గింజలు పడ్డాయి.

కుర్చీలో ఉన్న హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, ఇంకో ఇద్దర్ని చేర్చుకుంటే సరిపోయేది కదా అన్నారు.

"చేర్చుకుంటే తులసికి దొరుకుతాయండి" అన్నాడు సుబ్రహ్మణ్యం. "ఆ చేరినవాళ్ళకి ఎవరిస్తారు?"

"ఏడో తరగతి వాళ్ళు."

"వాళ్ళకి?"

"ఆరో తరగతి." హెడ్మాస్టరు గారు ఒక్క క్షణం ఆలోచించారు. "ఊళ్ళో ఇంకా స్కూళ్ళు లేవా ఏంటి?"

చాలామంది తలలూపారు. ఝాన్సీలక్ష్మి, చింతగింజలకీ రూపాయలకీ పోలికేంటని పక్కావిడతో అంది. చక్రవడ్డీ అబద్ధం కాదనీ, అప్పు తీసుకున్నవాడు ఆ డబ్బుతో నిజంగా సంపాదిస్తేనే వడ్డీ వస్తుందనీ సుబ్రహ్మణ్యం చెప్పుకుపోతుంటే, భోజనాల వేళయిందని మైకు తీసేశారు. వెనక వరసలోంచి సుందరమ్మ మాత్రం లేచి ఆసియా దగ్గరికెళ్ళి, డబ్బా తీసుకుని లోపలికి తొంగి చూసింది. మర్నాడు ఇడ్లీ బండి పెట్టలేదు. తెనాలిలో ఆమె ఐదు వేలూ నవ్వుతూ ఇచ్చేశారు. అడిగిన వెంటనే ఇచ్చేశారంటే ఎంత మంచి కంపెనీయో చూడండని హెడ్మాస్టరు గారు ఇంకో లక్ష పెట్టారు.

ఫిబ్రవరిలో ఆ రెండో అంతస్తుకి తాళం పడింది. మేనేజరు ఫోను పలకలేదు. ఏజెంటు, తన సొంత డబ్బు కూడా పోయిందని అందరికంటే ముందు పోలీస్ స్టేషనుకి వెళ్ళి కూర్చున్నాడు. ఝాన్సీలక్ష్మి వారం రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చిన రోజు స్టాఫ్ రూములో సుబ్రహ్మణ్యం పక్కన కూర్చుని పాసుపుస్తకం తెరిచి, ఇందులో మూడు లక్షలకి దగ్గరలో ఉందండీ అని మెల్లగా అంది. ఆయన ఆవిడకి టీ తెప్పించాడు.

ఇంత నష్టానికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి కదా. ఉపాధ్యాయుడు ఏనుగు డిబ్బీ ద్వారా ప్రజల్లో వడ్డీ వ్యామోహం రేకెత్తించాడని ఫిర్యాదు వెళ్ళింది. తయారు చేసింది హెడ్మాస్టరు గారే. కింద సంతకం పెట్టమని సుందరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ చేతులు పిండిగా ఉన్నాయని చెప్పింది.

సుబ్రహ్మణ్యాన్ని విచారణకి బాపట్ల పిలిచారు. ఆయన పాఠ్యపుస్తకం, చింతగింజలు తీసుకెళ్ళాడు. విచారణాధికారి పుస్తకంలో చక్రవడ్డీ అధ్యాయం ఉన్నదీ లేనిదీ చూశారు. ఉంది. పాఠంలో ఉన్నదే చెప్పారు కాబట్టి తప్పులేదనీ, ఏనుగు మాత్రం పాఠంలో లేదు కాబట్టి ఇకమీదట ఏనుగు వాడరాదనీ రాసి సంతకం పెట్టారు.

సుబ్రహ్మణ్యం బయటికి వస్తుంటే ఆ అధికారే వెనక నుంచి పిలిచారు. గుమస్తాని టీకి పంపేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"మాస్టారూ, మీరు లెక్కల మనిషి. నాకు రిటైర్మెంటు డబ్బు నలభై లక్షలు రాబోతోంది. ఎక్కడ పెట్టమంటారు?"

"పోస్టాఫీసులో పెట్టండి సార్. ప్రభుత్వ బ్యాంకైనా మంచిదే."

"ఎన్నాళ్ళకి రెట్టింపవుతుంది?"

"వడ్డీ ఏడు శాతం ఉందనుకుంటే, తియ్యకుండా ఉంచితే, పదేళ్ళు దాటుతుందండి."

అధికారి ముఖం వాడిపోయింది. అంత కాలమెందుకు, గుంటూరులో ఎవరో నెలకి నూటికి నాలుగే ఇస్తున్నారు, పది కాదు, అత్యాశ లేని మనుషులు అన్నారు. సుబ్రహ్మణ్యం సంచీలో చెయ్యి పెట్టి చింతగింజలు తడిమాడు. బల్ల మీద పోసి మొదలుపెడదామా అనుకున్నాడు. రేపల్లె బండి అందదని గుర్తొచ్చింది. అయినా కుర్చీలో మళ్ళీ కూర్చుని, మీ దగ్గర ఖాళీ డబ్బా ఏదైనా ఉందా సార్ అని అడిగాడు.